"చర్చించండి", "మూల్యాంకనం చేయండి" అంటే ఎంత లోతుగా రాయాలి? అది సరైందో కాదో తెలుసుకునేదెలా?

మానేరు_ఒడ్డు
సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాస్తున్నాను, ఇది రెండో ప్రయత్నం. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి డిస్కస్, ఎవాల్యుయేట్, క్రిటికల్లీ ఎగ్జామిన్ లాంటి మాటలను మనసులో తెలుగులోకి మార్చుకుని రాస్తాను. నా ఇబ్బంది అక్కడే మొదలవుతోంది.

2013 జీఎస్ 1 పేపర్లో భూదానం ప్రశ్న ఒకటి ఉంది. వినోబా భావే మొదలుపెట్టిన భూదాన, గ్రామదాన ఉద్యమాల లక్ష్యాలనూ, అవి ఎంతవరకు విజయవంతమయ్యాయన్నదీ విమర్శనాత్మకంగా చర్చించమన్నారు. నేను రాసిన ఒకే జవాబును రెండు టెస్ట్ సిరీస్‌లలో దిద్దించాను. ఒకాయన 10కి 3 మార్కులు వేసి "విశ్లేషణ లేదు" అని రాశారు. ఇంకొకరు 4 వేసి "విమర్శ మరీ ఎక్కువైంది" అన్నారు. ఒకే జవాబులో విమర్శ లేకుండానూ, ఎక్కువగానూ ఎలా ఉంటుంది? యూపీఎస్సీ మెయిన్స్‌కు మోడల్ జవాబులు ఇవ్వదు. మరి ఎంత లోతు కావాలో మనం దేన్ని చూసి తేల్చుకోవాలి?

ఒకటే_మాట
ఇందులో అంత గందరగోళం ఏమీ లేదు బ్రదర్. డిస్కస్ అంటే రెండు వైపులా రాయాలి. ఎవాల్యుయేట్ అంటే మంచీ చెడూ రాసి చివర్లో తీర్పు చెప్పాలి. క్రిటికల్లీ అని ఉంటే లోపాలు ఎక్కువ రాయాలి. నేను ఈ మూడూ చీటీ మీద రాసి గోడకు అంటించుకున్నాను.

సీలేరు
మూడోది తప్పు. విమర్శ అంటే తిట్టడం అనుకోబట్టే వచ్చిన తంటా ఇది. నాది తెలుగు సాహిత్యం ఆప్షనల్. సాహిత్య విమర్శలో గుణం, దోషం రెండూ తూస్తాం. ఒక కావ్యాన్ని విమర్శించమంటే దాన్ని తప్పుపట్టమని ఎవరూ అనుకోరు కదా. జీఎస్‌కు వచ్చేసరికి ఆ మాటను మాట్లాడుకునే భాషలోని అర్థంతో తీసుకుంటున్నాం.

ఒకటే_మాట
సరే, ఒప్పుకుంటాను. కానీ మిగతా రెండూ కరెక్టే కదా?

గోదారి_నుంచి_లీడ్స్
ఇక్కడ యూకేలో మాస్టర్స్ చేస్తున్నాను. నాకూ అచ్చం ఇదే జరిగింది. మొదటి అసైన్‌మెంట్‌కు 52 వచ్చింది. "వర్ణన బాగుంది, మూల్యాంకనం లేదు" అని రాశారు. ఇక్కడ 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో మార్కింగ్ క్రైటీరియా ఉంటుంది, ఏ బ్యాండ్‌కు ఏం కావాలో అందులో రాసి ఉంటుంది. అది దగ్గర పెట్టుకుని మీ ట్యూటర్‌కు మెయిల్ పెట్టండి. "నా ప్లాన్ ఇది, ఇది 60ల్లోకి వస్తుందా" అని సూటిగా అడగొచ్చు.

మానేరు_ఒడ్డు
థ్యాంక్స్ అన్నా, కానీ నాది యూనివర్సిటీ పరీక్ష కాదు. యూపీఎస్సీలో మెయిల్ పెట్టి అడగడానికి ట్యూటర్ ఉండరు. క్రైటీరియా కూడా బయటపెట్టరు.

గోదారి_నుంచి_లీడ్స్
అవును, టైటిల్ చూసి కాలేజీ పరీక్ష అనుకున్నాను. అయినా ఒక్క మాట పనికొస్తుందేమో చూడండి. 52 వచ్చిన నా పేపర్ మార్జిన్‌లో మా ట్యూటర్ నాలుగు చోట్ల ఒకటే ప్రశ్న రాశారు: "అయితే ఏమిటి?" నేను ఒక విషయం చెప్పి ఆగిపోయిన ప్రతిచోటా అది ఉంది.

పాత_బెంచీ
నాలుగు మెయిన్స్ రాశాను. ఇప్పుడు పిల్లల జవాబులు దిద్దుతుంటాను, ఐదేళ్లయింది. మానేరు తమ్ముడూ, ఆ జవాబులో ఏ భాగానికి ఎన్ని పదాలు వాడావో ఇక్కడ పెట్టు. జవాబు చూడకుండా ఆ రెండు కామెంట్ల గురించి ఏం చెప్పినా గాల్లో మాట్లాడినట్టే.

మానేరు_ఒడ్డు
ఇదిగో అన్నా, నిన్న లెక్కపెట్టాను. మొత్తం 190 పదాలు.
తెలంగాణ సాయుధ పోరాట నేపథ్యం, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో జరిగిన సంఘటన, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలు: 85 పదాలు.
లక్ష్యాలు: 40.
విజయాలు: 30.
చివర్లో "అయితే" అని మొదలుపెట్టి లోపాలు: 35. పనికిరాని భూములు ఇచ్చారు, కోర్టు కేసులు పడ్డాయి, పంపిణీ జరగలేదు, భూస్వాములను కాపాడటానికే ఈ ఉద్యమం వచ్చింది, కాబట్టి ఇది విఫలం.

నల్గొండ_వాణి
నాదీ అదే తప్పు. మాది పోచంపల్లికి దగ్గర ఊరు. దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడగడం, రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఇస్తాననడం చిన్నప్పటి నుంచి విన్న కథ. పెన్ను పట్టుకుంటే ఆగదు. మాక్ టెస్ట్‌లో పేజీ నిండా అదే రాశాను. గ్రామదానం అనే మాటే రాలేదు.

పాత_బెంచీ
వాణి గారు చెప్పినదాంట్లోనే సగం సమాధానం ఉంది. తమ్ముడూ, నీకు వచ్చిన రెండు కామెంట్లూ ఒకే లోపం గురించి. 155 పదాల వరకు నువ్వు ఏదీ తూచలేదు, జరిగింది చెప్పుకుంటూ పోయావు. మొదటాయనకు అది కనబడింది. చివరి 35 పదాల్లో ఆధారం లేకుండా పెద్ద తీర్పు ఇచ్చేశావు. రెండో ఆయనకు అది కనబడింది. విమర్శ అంతా ఒక మూలన కుప్పగా పడి ఉంది, అందుకే ఒకరికి తక్కువగానూ ఇంకొకరికి ఎక్కువగానూ అనిపించింది.

ఇక లోతు సంగతి. ముందు మార్కులు, పదాలు చూడాలి. 2013లో ఈ ప్రశ్నకు 10 మార్కులు, 200 పదాలు. ఇప్పుడు 10 మార్కులకు 150 పదాలు, 15 మార్కులకు 250. పేపర్లో పది పది చొప్పున 20 ప్రశ్నలు, మూడు గంటలు. 10 మార్కుల దానికి ఏడు నిమిషాలు, 15 మార్కుల దానికి పదకొండు నిమిషాలు తీసుకుంటే సరిగ్గా 180 అవుతుంది. బుక్‌లెట్‌లో ఇచ్చే చోటు కూడా రెండు పేజీలు, మూడు పేజీలు. అంటే ఏడు నిమిషాల్లో ఆలోచించి రాయగలిగినంత లోతే వాళ్లు అడుగుతున్నది. అందులో 85 పదాల నేపథ్యానికి చోటెక్కడిది?

తర్వాత, చర్చించమన్న మాట దేనికి తగిలి ఉందో చూడాలి. ఇక్కడ రెండింటికి తగిలింది, లక్ష్యాలకూ విజయానికీ. కాబట్టి విజయాన్ని ఆ లక్ష్యాలతోనే కొలవాలి. వినోబా పెట్టుకున్న గురి 1957 కల్లా 5 కోట్ల ఎకరాలు. భూమి ఉన్నవాళ్లు తమ దాంట్లో ఆరో వంతు ఇవ్వాలని అడిగారు. 1956 మార్చి నాటికి వచ్చిన వాగ్దానాలు సుమారు 40 లక్షల ఎకరాలు. ఆ తర్వాత జోరు తగ్గింది. 1961 మొదటికి పంచింది 9 లక్షల ఎకరాలకు లోపే. ఇక్కడ రెండు గండ్లు ఉన్నాయి చూడు. అడిగినదానికీ మాట ఇచ్చినదానికీ మధ్య ఒకటి, మాట ఇచ్చినదానికీ పేదవాడి చేతికి వచ్చినదానికీ మధ్య ఇంకొకటి. మొదటి గండికి కారణం, ఇవ్వడం పూర్తిగా దాత ఇష్టం కావడం. రెండోదానికి కారణం సాగుకు పనికిరాని భూములు, వివాదాల్లో ఉన్న భూములు. "పంపిణీ జరగలేదు" అని నువ్వు రాసిందీ ఇదే విషయం, కానీ దేనితో పోల్చి లేదంటున్నావో చెప్పలేదు.

గ్రామదానం వేరే లెక్క, అందులో ఊరి భూమి ఊరి ఉమ్మడి సొత్తు అవుతుంది. అది 1952లో ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోత్‌తో మొదలైంది. 1960 చివరికి 4,500 పైచిలుకు గ్రామాలు చేరితే అందులో 1,946 ఒరిస్సావే. ఎక్కువగా గిరిజన ప్రాంతాల్లో నిలబడింది, ఎందుకంటే అక్కడ భూమి విషయంలో ఊరిలో పెద్ద తేడాలు అప్పటికి రాలేదు. ఈ ఒక్క కారణం రాస్తే విమర్శనాత్మకంగా అన్న మాటకు జవాబు చెప్పినట్టే. ఎక్కడ పని చేసింది, ఎందుకు అక్కడే పని చేసింది అన్నది తేలిపోతుంది.

సీలేరు
"భూస్వాములను కాపాడటానికే వచ్చింది" అన్న వాక్యం తీసేయాలా మరి? అలా అన్నవాళ్లు ఉన్నారు కదా.

పాత_బెంచీ
తీసేయనక్కర్లేదు. "పేదల్లోని పోరాట చైతన్యాన్ని ఇది చల్లార్చిందన్న వాదన ఉంది" అని ఒక వాదంగా పెట్టి, పక్కనే దాని బలమెంతో ఒక ముక్క రాయాలి. భూమి పంచాలన్న ఒత్తిడిని నైతికంగా పెంచిందన్న ఎదురు వాదం కూడా ఉంది. తీర్పుగా రాస్తే రుజువు చూపాలి, 150 పదాల్లో దానికి చోటు ఉండదు.

ఒకటే_మాట
నేను ఒప్పుకోను. ఇంటర్వ్యూదాకా వెళ్లిన మా సీనియర్ ఒకాయన ఈ మాటలను అసలు పట్టించుకోనంటాడు. "దిద్దేవాడికి కంటెంట్ కావాలి, చివరి పదం ఏదైనా ఒకటే" అని. గడియారం పరుగెడుతుంటే డిస్కసా ఎగ్జామినా అని ఎవరు చూస్తారు?

పాత_బెంచీ
ఆయన మాటలో నిజం ఉంది. ఆ పదాన్ని ఒంటరిగా చూసి లాభం లేదు, నీ గోడ మీది చీటీలో ఇబ్బంది కూడా అదే. దాని చుట్టూ ఏముందో చూడకపోతే మాత్రం దెబ్బతింటావు. 2020 జీఎస్ 1 ఒక్క పేపర్ తీసుకో. ఒక ప్రశ్నలో కర్జన్ విధానాలనూ, జాతీయోద్యమంపై వాటి దీర్ఘకాలిక ప్రభావాన్నీ మూల్యాంకనం చేయమన్నారు. ఇంకో ప్రశ్నలో 1920ల నుంచి జాతీయోద్యమం రకరకాల భావజాలాలను కలుపుకుని, తద్వారా తన సామాజిక పునాదిని పెంచుకుంది అని ఒక వాక్యం ఇచ్చి, చర్చించండి అన్నారు.

మొదటిదాంట్లో వాక్యం లేదు. తూకం రాళ్లు నువ్వే తెచ్చుకోవాలి. 1904 విశ్వవిద్యాలయాల చట్టం, 1905 బెంగాల్ విభజన ఏ ఉద్దేశంతో చేశాడు, కొన్నేళ్ల తర్వాత ఫలితం ఎటు తిరిగింది? రెండోదాంట్లో వాక్యం వాళ్లే ఇచ్చారు. అందులో "తద్వారా" అన్న లంకె ఉంది. భావజాలాలు పెరగడం వల్లే పునాది పెరిగిందా? సోషలిస్టులు, కార్మిక సంఘాలు, రైతు సభల వల్ల ఎవరెవరు ఉద్యమంలోకి వచ్చారో చూపిస్తే లంకె నిలబడుతుంది. భావజాలాల పేర్లు వరసగా రాసి ఆపేస్తే ప్రశ్నలో సగం మిగిలిపోతుంది. డిస్కస్ అంటే "రెండు వైపులా" అన్న నీ సూత్రం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దీనికి రెండో వైపు దాదాపు లేదు.

2017లో ఇంకోటి ఉంది. వలస పాలనలో సంప్రదాయ చేతివృత్తులు క్షీణించడం గ్రామీణ ఆర్థిక వ్యవస్థను ఎలా కుంగదీసిందో పరిశీలించండి అని. ఎగ్జామిన్ అనే ఉంది, కానీ "ఎలా" అన్నారు. కుంగదీసిందని వాళ్లే ఒప్పేసుకున్నారు. నువ్వు కూర్చుని కుంగదీసిందా లేదా అని వాదిస్తే టైమ్ పోతుంది. నేతగాడు మగ్గం వదిలి పొలానికి వచ్చాడు, భూమి మీద భారం పెరిగింది, కౌలు పెరిగింది, అప్పు పెరిగింది. ఆ గొలుసు చూపిస్తే చాలు.

నల్గొండ_వాణి
కర్జన్ ప్రశ్నకు నేను 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి రావడం, ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని పంపేయడం అయిదు లైన్లు రాశాను. అది తప్పా?

పాత_బెంచీ
తప్పు కాదమ్మా, మంచి ఉదాహరణ. బెంగాల్‌లో చేసిన పని వేడి గోదావరి దాకా వచ్చిందని ఒక్క లైన్‌లో చెబితే దీర్ఘకాలిక ప్రభావం అన్న మాటకు సరిగ్గా అతుకుతుంది. అయిదు లైన్లు రాస్తే అది వందేమాతరం ఉద్యమం మీద జవాబు అవుతుంది.

కాలేజీ_కారిడార్
డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. స్పాట్ వాల్యుయేషన్‌కు చాలాసార్లు వెళ్లాను. అక్కడ మాకు స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ఇస్తారు. నేపథ్యానికి ఇన్ని, కారణాలకు ఇన్ని, ఫలితాలకు ఇన్ని అని విడగొట్టి ఉంటుంది. "చర్చించుము" అని ఉన్నా చాలాసార్లు స్కీమ్‌లో చర్చకు విడిగా మార్కు ఉండదు. పాయింట్లకే ఉంటుంది. డిగ్రీలో 70 శాతం తెచ్చుకున్న పిల్లలు సివిల్స్‌లో తడబడటానికి ఇదొక కారణమని నా నమ్మకం. మేమే అలా అలవాటు చేశాం, అది నాకు బాధగా ఉంటుంది.

డిగ్రీ పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక సంగతి. దిద్దిన మీ జవాబుపత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడ మార్కు పోయిందో చూస్తే ఎంత లోతు అడిగారో అర్థమవుతుంది.

మానేరు_ఒడ్డు
సార్, అది సివిల్స్‌కు కూడా వర్తిస్తుందా?

కాలేజీ_కారిడార్
లేదు నాయనా. సివిల్స్ మెయిన్స్ జవాబుపత్రాల కోసం వేసిన కేసులో 2018లో అదే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీకు పేపర్ వారీగా మొత్తం మార్కులే తెలుస్తాయి, ప్రశ్నవారీగా కాదు.

ఒకటే_మాట
అంటే ఎంత చర్చించుకున్నా చివరికి ఇది ఊహే కదా. పాత_బెంచీ గారు చెప్పిందీ ఊహే.

పాత_బెంచీ
కొంత ఊహే, కాదనను. దిద్దేవాళ్ల చేతిలో ఏముందో నేను చూడలేదు.

సీలేరు
పూర్తిగా ఊహ కూడా కాదు. నోటిఫికేషన్ చివర సిలబస్ ముందు పేరాలు ఎవరూ చదవరు. జీఎస్ ప్రశ్నలు బాగా చదువుకున్న వ్యక్తి ప్రత్యేక అధ్యయనం లేకుండా రాయగలిగే స్థాయిలో ఉంటాయని అందులోనే ఉంది. పరస్పరం తగువుపడే సామాజిక, ఆర్థిక లక్ష్యాలను విశ్లేషించి ఒక వైఖరి తీసుకోగలరా అని చూస్తామనీ, జవాబు సూటిగా, క్లుప్తంగా ఉండాలనీ కూడా ఉంది. ఆప్షనల్‌కు వేరే స్థాయి చెప్పారు, ఆనర్స్ డిగ్రీ స్థాయి, అంటే బ్యాచిలర్స్ కంటే ఎక్కువ, మాస్టర్స్ కంటే తక్కువ. నాకు ఇది చాలా ఉపయోగపడింది. నన్నయ మీద ఆప్షనల్‌లో ప్రశ్న వస్తే పద్యం ఎత్తి చూపిస్తాను. అదే నన్నయ జీఎస్‌లో వస్తే ఆ లోతుకు పోను.

మానేరు_ఒడ్డు
"వైఖరి తీసుకోగలరా" అన్నది నేను ఇప్పటిదాకా చదవలేదు. ఇది దొరికితే చాలు అనుకున్నదే దొరికింది.

పాత_బెంచీ
ఇంకో పరీక్ష చెబుతాను, మా రూమ్‌లో చేసేవాళ్లం. నీ జవాబు మీద ప్రశ్న కనబడకుండా కాగితం అడ్డంపెట్టి స్నేహితుడికి ఇవ్వు. ఈ జవాబుకు ప్రశ్న ఏమై ఉంటుందో రాయమను. "భూదాన ఉద్యమం గురించి వ్రాయుము" అని రాస్తే నువ్వు చర్చించలేదు. "ఎంతవరకు విజయవంతమైంది" అన్న భావం వస్తే లోతు సరిపోయింది. డబ్బు ఖర్చు లేదు, దిద్దేవాడి మూడ్‌తో పనీ లేదు.

మానేరు_ఒడ్డు
మధ్యాహ్నం మళ్లీ రాశాను. 150 పదాల లెక్కన. చివరి సగం పెడుతున్నాను, చూడండి.

"5 కోట్ల ఎకరాల లక్ష్యానికి 1956 నాటికి సుమారు 40 లక్షల ఎకరాల వాగ్దానాలే వచ్చాయి. 1961 నాటికి పేదలకు అందింది అందులో నాలుగో వంతు కూడా లేదు. ఏ భూమి ఇవ్వాలో దాతే ఎంచుకోవడంతో సాగుకు రానివి, వివాదాల్లో ఉన్నవి ఎక్కువగా వచ్చాయి. గ్రామదానం ఒరిస్సా గిరిజన గ్రామాల్లో నిలబడింది, భూమి తేడాలు ఎక్కువున్న చోట్ల నిలబడలేదు. కాబట్టి భూ పంపిణీ సాధనంగా ఇది బలహీనం. హింస లేకుండా భూమి ప్రశ్నను జనం ముందు పెట్టాలన్న లక్ష్యంలో మాత్రం ఎక్కువ సాధించింది."

మా రూమ్మేట్‌కు ప్రశ్న మూసి ఇచ్చాను. "భూదానం తన లక్ష్యాలను చేరిందా?" అని రాశాడు.

పాత_బెంచీ
ఇది వేరే జవాబు. పోచంపల్లికి ఎన్ని పదాలు మిగిల్చావు?

మానేరు_ఒడ్డు
పద్దెనిమిది అన్నా.

నల్గొండ_వాణి
పద్దెనిమిదిలో రామచంద్రారెడ్డి గారి పేరు ఉందా లేదా?

మానేరు_ఒడ్డు
ఉంది అక్కా. 100 ఎకరాలు కూడా ఉంది.

ఒకటే_మాట
చివరి రెండు వాక్యాలు నాకు నచ్చలేదు. అడిగింది చర్చ, తీర్పు కాదు. చర్చకు ముగింపులో తీర్పు ఎందుకు? అది ఎవాల్యుయేట్‌కు కదా.

సీలేరు
వైఖరి తీసుకోవాలని నోటిఫికేషన్‌లోనే ఉందని ఇప్పుడే చెప్పాను కదా.

ఒకటే_మాట
అది అన్ని ప్రశ్నలకూ అని ఎక్కడ ఉంది?

పాత_బెంచీ
దీనిమీద నేనూ గట్టిగా చెప్పలేను. ఈ ప్రశ్నలో విమర్శనాత్మకంగా అని ఉంది కాబట్టి తీర్పు ఉండాలనే అంటాను. ఉత్త డిస్కస్ అయితే నేను ఒక్క వాక్యంతో ముగించేవాణ్ని. నాతో రాసినవాళ్లలో అసలు ముగింపే రాయనివాళ్లు ఉన్నారు, వాళ్లకు నాకంటే మంచి మార్కులు వచ్చిన పేపర్లూ ఉన్నాయి.

మానేరు_ఒడ్డు
ఈ కొత్త జవాబును అదే రెండు టెస్ట్ సిరీస్‌లకు మళ్లీ పంపుతున్నాను. ఈసారి మార్కుతో పాటు "ఏ వాక్యం దగ్గర విశ్లేషణ తగ్గిందో గీత గీయండి" అని పైన రాసి పంపుతాను. వచ్చాక ఇక్కడే పెడతాను.